ఇరవయ్యో తేదీకే అయిపోతున్న జీతం

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది రాజోలు దగ్గర పల్లె. బీఎస్సీ మైక్రోబయాలజీ చదివి, జూన్‌లో భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ విభాగంలో చేరాను. ఏడాదికి 3 లక్షలన్నారు. చేతికి వచ్చేది 21,199. నాన్న మూడెకరాలు కౌలుకు చేస్తారు. తమ్ముడు పాలిటెక్నిక్. మొదటి నెల నుంచే 50-30-20 లెక్క రాసుకున్నాను, సగం అవసరాలకి, 30 శాతం కోరికలకి, 20 శాతం పొదుపుకి. రెండు నెలలూ ఇరవయ్యో తేదీకే చేతిలో చిల్లిగవ్వ లేదు. పే లేటర్‌లో 3,200 బాకీ పడ్డాను. ఇంటికి పంపేది ఏ ఖాతాలో రాయాలో తెలియడం లేదు. నాన్న నోటు రాసి తెచ్చిన 60,000 అప్పు ఉంది, రెండు రూపాయల వడ్డీ, నెలనెలా కట్టాలి. అమ్మేమో పక్కింటివాళ్ల చీటీలో నెలకి 2,000 వెయ్యమంటోంది. తోటివాళ్లు పొదుపు చేస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంది. నేను దుబారా మనిషినా? పే స్లిప్పు, జూలై ఖర్చుల కాగితం జత చేస్తున్నాను.
– భీమవరం నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: మీ కాగితం ఆసాంతం చదివాను. దుబారా అనదగ్గది అందులో పెద్దగా కనిపించలేదమ్మా. హాస్టల్‌కి 5,500, రీచార్జికి 300, సబ్బులూ మందులూ వగైరాకి 700, ఊరికి వెళ్లిరావడానికి 500. ఈ నాలుగూ కలిపి 7,000. భీమవరంలో ఒక మనిషి ఇంతకన్నా తక్కువలో బతకాలంటే ఒళ్లు హూనమే. మీ లెక్క తప్పింది మీ దగ్గర కాదు, ఇంటికి వెళ్లిన డబ్బు దగ్గర. అక్కడికి వస్తాను. ముందు పే స్లిప్పు సంగతి చూద్దాం, మీరు వెయ్యాల్సిన శాతాలు దేని మీదో తేలాలి కదా.

మూడు లక్షల్ని పన్నెండుతో భాగిస్తే 25,000. అందులో కంపెనీ తన వంతుగా మీ పీఎఫ్‌కి కట్టే 1,500, గ్రాట్యుటీ పేరుతో చూపించిన 601 ముందే కలిపేశారు. అవి మీ చేతికి వచ్చేవి కావు. మిగిలిన 22,899లో మీ వంతు పీఎఫ్ 1,500, వృత్తి పన్ను 200 పోతే 21,199. బడ్జెట్టు ఎప్పుడూ ఈ చివరి అంకె మీదే వెయ్యాలి. సులువుగా ఉంటుందని 21,200 అనుకుందాం.

ఆ స్లిప్పులోనే మరో రెండు విషయాలున్నాయి. మీ పొదుపు సున్నా కాదు. మీ 1,500తోపాటు కంపెనీ కట్టే 1,500లో 459 రూపాయలు కూడా పీఎఫ్ ఖాతాలోనే పడుతుంది. మిగతా 1,041 పింఛను పథకానికి వెళ్తుంది. అంటే నెలకి 1,959 మీ పేరున జమ అవుతోంది. అవసరానికి చటుక్కున తీసుకునే డబ్బు కాదు కాబట్టి 20 శాతంలో దాన్ని నేను కలపను, కానీ తోటివాళ్లతో పోల్చుకుని కుమిలిపోయేముందు గుర్తు పెట్టుకోండి. మీ పీఎఫ్ ఖాతాకిచ్చిన యూఏఎన్ నంబరుతో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, రెండు నెలల జమా పడిందో లేదో ఒకసారి చూసుకోండి. రెండోది, స్లిప్పులో ఈఎస్ఐ కోత లేదు. జీతం 21,000 దాటినవాళ్లకి అది వర్తించదు. కాబట్టి ఒంట్లో బాగోకపోతే ఖర్చు మీదే. కంపెనీ తరఫున ఆరోగ్య బీమా ఏమైనా ఉందా, అందులో అమ్మానాన్నలు కూడా వస్తారా అని హెచ్ఆర్‌ని అడగండి.

ఇక 50-30-20. అమెరికాలో కుటుంబాలు ఎందుకు దివాలా తీస్తున్నాయో పరిశోధించిన ఎలిజబెత్ వారెన్, తన కూతురితో కలిసి 2005లో దీన్ని జనంలోకి తెచ్చారు. అవసరాలు సగం దాటకూడదనడంలో ఉద్దేశం ఒకటుంది. ఉద్యోగం పోయినా, జీతం తగ్గినా ఆపలేని ఖర్చులు అవి. అవి ఎంత తక్కువైతే మనిషి అంత తట్టుకోగలడు. ఆ లెక్కలో ఒక్క జీతం ఒక్క ఇంటిది. మీ జీతం హాస్టల్లో ఒక మనిషినీ, రాజోలు దగ్గర ఇంకో ఇంటినీ మొయ్యాలి. ఆ రెండో ఇంటికి డబ్బు వచ్చేది నెలనెలా కాదు, పంట పంటకీ. సార్వా డబ్బు డిసెంబరులో, దాళ్వా డబ్బు మే ప్రాంతంలో. మధ్యలో శ్రావణ భాద్రపదాల్లో ఇల్లు ఎండిపోయి ఉంటుంది. సరిగ్గా అప్పుడే మీకు తొలి జీతాలు వచ్చాయి. పంట మీద భరోసా ఎంతో కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. 2011లో గిట్టుబాటు కాక సార్వాకే సెలవు ప్రకటించి పొలాలు బీడు పెట్టిన ప్రాంతం అది. కాబట్టి మీ శాతాలు సగం దగ్గర ఆగవు. ఎంత దగ్గర ఆగుతాయో చూద్దాం.

మీ కాగితంలో నన్ను ఆపింది ఈ వరస. జూలై 4న గ్యాసుకి 900. 9న తమ్ముడి పుస్తకాలకి 1,800. 13న యూరియాకి 1,500. 18న పులసకి 3,000. 24న కరెంటు బిల్లుకి 650. 27న 'చేతిలో లేవంది అమ్మ' అని రాసి 850. మొత్తం 8,700. మీరు ఇదంతా కలిపి 'ఇల్లు' అని ఒకే పేరు పెట్టారు. ఆ పేరు కిందే నాలుగు రకాల డబ్బు కలిసిపోయింది.

గ్యాసు, కరెంటు, చేతిఖర్చు కలిపి 2,400. ఇది ఇల్లు నడవడానికి, అనుమానం లేకుండా అవసరం. తమ్ముడి పుస్తకాలూ అవసరమే కానీ ఏటా ఈ నెలలోనే వస్తుంది. యూరియా ఇంటి ఖర్చు కాదు, పంట పెట్టుబడి. వడ్లు అమ్మినప్పుడు తిరిగి రావాల్సిన డబ్బు. పులస... పుస్తెలమ్మైనా తినమన్నారు పెద్దలు, నాన్నగారికి తొలి జీతాల్లోంచి పెట్టుకున్నారు, తప్పనను. కానీ అది కోరిక. ఇంటికి పంపినా కోరిక కోరికే. డబ్బు ఎవరి కోసం ఖర్చయింది అన్నదాన్ని బట్టి అది అవసరమో కాదో తేలదు. ఈ నెల ఆ ఖర్చు ఆపితే ఉద్యోగానికో ఒంటికో ఇంటికో దెబ్బ తగులుతుందా అన్నదే ప్రశ్న.

అదే ప్రశ్న మీ ఖర్చులకి వేసుకుంటే కొన్ని అటువి ఇటు వస్తాయి. చేతులకి రాసుకునే క్రీముని మీరు కోరికల్లో రాసుకున్నారు. చలి గదుల్లో, క్లోరిన్ నీళ్లలో రోజంతా చేతులు తడిసే ఉద్యోగం మీది, అది సోకు కాదు, మందుల పక్కన రాయండి. నైట్ డ్యూటీ దిగాక వ్యాను ఆగిన చోటు నుంచి హాస్టల్‌కి ఆటో కూడా అంతే. మరోపక్క, ఏసీ గదికి మారాలనుకుంటున్నానని కింద చిన్న అక్షరాలతో రాశారు. హాస్టల్ అవసరమే, ఏసీ కోసం అదనంగా కట్టేది మాత్రం కోరికల ఖాతాలోంచి రావాలి. ఒకే బిల్లుని రెండు ముక్కలు చేసి రాయడం మొదట్లో వింతగా ఉంటుంది. కానీ చాలామంది బడ్జెట్టులో అవసరాలు ఉబ్బిపోయేది ఈ ముక్కలు చెయ్యకపోవడం వల్లే.

ఇప్పుడు ఇంటికి ఎంత? వడ్డీ 60,000కి రెండు రూపాయల చొప్పున నెలకి 1,200. అది ఆగితే పరువు పోతుంది, వడ్డీకి వడ్డీ పడుతుంది, కాబట్టి అవసరమే. గ్యాసు, కరెంటు, చేతిఖర్చు 2,400. పాలూ కూరగాయలూ నాన్నగారి మాత్రలూ చూసుకోవడానికి ఇంకో 1,400. బియ్యం ఎలాగూ నాన్నగారు పండించినవే. మొత్తం 5,000. ఈ డబ్బు ఇవ్వడానికి మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, ఒకటో తారీఖున అమ్మ ఖాతాకి 5,000 ఒకేసారి పంపి, మళ్లీ నెల వరకు పంపకపోవడం. దీంతో మీ లెక్క నిలుస్తుంది. అమ్మకీ ప్రతిసారీ ఫోన్ చేసి కూతుర్ని అడగాల్సిన ఇబ్బంది తప్పుతుంది. కాకపోతే మొదటి రెండు నెలలు ఇరవై దాటాక ఫోన్ వస్తుంది. అప్పుడు 'లేవమ్మా' అనగలగాలి. రెండు, డబ్బు పంపకుండా కరెంటు బిల్లు, గ్యాసు, వడ్డీ మీరే నేరుగా కట్టడం. ఎక్కడికి పోతోందో మీకు స్పష్టంగా తెలుస్తుంది. కానీ అమ్మ చేతిలో పైసా ఆడదు, పాల ప్యాకెట్టుకి కూడా మీ వైపు చూడాలి. ఏడాది తిరిగేసరికి ఇంటి బిల్లులన్నీ మీ పేరు మీదికి వచ్చేస్తాయి. రేపు పెళ్లై వెళ్లినా ఆ అలవాటు తెగదు. మూడు, జీతమంతా ఇంట్లో ఇచ్చేసి చేతిఖర్చు పుచ్చుకోవడం. మన వైపు ఇంకా చాలా ఇళ్లలో ఇదే పద్ధతి. గొడవలుండవు. కానీ పంట డబ్బూ జీతం డబ్బూ కలిసిపోయి, యూరియా ఎప్పుడు కొన్నారో, పొదుపు ఎప్పుడు కరిగిందో ఎవరికీ తెలియదు.

నాకు మొదటిది నచ్చుతుంది. పంట పెట్టుబడికి మాత్రం అందులోంచి ఇవ్వకండి. అడిగితే విడిగా ఇచ్చి, ఒక పుస్తకంలో 'నాన్నకి, సార్వా పెట్టుబడి, 1,500' అని తారీఖుతో రాసి, వడ్లు అమ్మాక తీసుకుంటానని నవ్వుతూనే చెప్పండి. తిరిగి వస్తే మంచిది. రాకపోతే కౌలు వ్యవసాయం నిజంగా ఎంత నష్టానికి నడుస్తోందో ఇంటిల్లిపాదికీ ఆ పుస్తకమే చెబుతుంది. నిజానికి ఇంటికిచ్చేది ఎండు నెలల్లో కాస్త ఎక్కువ, పంట నెలల్లో తక్కువ ఉండటమే న్యాయం. కానీ దానికి మీ దగ్గర ముందు కొంత నిల్వ ఉండాలి. అది వచ్చే ఏడాది మాట.

ఇంటి తరవాత మీ లెక్కని పడగొట్టింది, ఇకముందు కూడా పడగొట్టేది, ఏడాదికోసారి వచ్చే ఖర్చులు. నెల లెక్కలో వీటికి చోటుండదు. వచ్చినప్పుడు మాత్రం పొదుపుని ఊడ్చుకుపోతాయి. మీ ఉత్తరంలోంచే నాలుగు ఏరాను. సంక్రాంతికి ఇంటిల్లిపాదికీ బట్టలు, ప్రయాణాలు, పండగ ఖర్చు 6,000. జూన్, జూలైల్లో తమ్ముడి ఫీజులో మీ వంతు, పుస్తకాలు కలిపి 8,000. పెళ్లిళ్లకి 3,000. ఎప్పుడొస్తాయో తెలియని ఫోన్ రిపేరు, అమ్మ పరీక్షలు, కళ్లజోడు లాంటివాటికి 6,000. మొత్తం 23,000. పన్నెండుతో భాగిస్తే నెలకి 1,900 పైన.

కానీ తొలి ఏడాది పన్నెండుతో భాగిస్తే దెబ్బ తింటారు. సంక్రాంతికి ఇంకా పన్నెండు నెలలు లేవు. సెప్టెంబరు ఒకటి నుంచి జనవరి ఒకటి దాకా మీ చేతికొచ్చేవి ఐదు జీతాలు. కాబట్టి 6,000ని ఐదుతో భాగించాలి, నెలకి 1,200. జూన్ ఒకటి దాకా పది జీతాలు, ఫీజుకి నెలకి 800. పెళ్లిళ్లు మాఘంలో ఊపందుకుంటాయి. ఫిబ్రవరి దాకా ఆరు జీతాలనుకుంటే నెలకి 500. తారీఖు లేని ఖర్చులకి పన్నెండుతోనే భాగించి 500. అంతా కలిపి 3,000. ఫిబ్రవరి నుంచి సంక్రాంతి వంతు 500కి దిగిపోతుంది, పెళ్లిళ్ల వంతు కూడా తగ్గుతుంది. మొదటి ఆరు నెలలే బిగువు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల బడ్జెట్టు మొదటి పండక్కే చెదిరిపోవడానికి కారణం ఎక్కువగా ఈ భాగహారమే.

ఈ 3,000ని పొదుపు అనుకోకండి. జనవరిలో ఖర్చయ్యే డబ్బు జనవరి ఖర్చే, కాకపోతే ముందుగా పక్కన పెట్టాం. ఇందులో ఏది అవసరం, ఏది కోరిక? ఫీజు, అమ్మ పరీక్షలు అవసరం. సంక్రాంతి బట్టలు కోరిక, ఎంత ఆనందమైనా. పెళ్లి చదివింపుల దగ్గర మాత్రం ఆగాలి. మీ ఇంట్లో చివరిగా జరిగిన శుభకార్యానికి చదివింపులు రాసుకున్న పుస్తకం ఉండే ఉంటుంది. మనకి 500 చదివించినవాళ్లకి మనం తిరిగి 500 ఇవ్వడం బాకీ తీర్చడమే, అది అవసరం. గొప్పకి దాన్ని రెండు వేలు చేస్తే పైనున్న 1,500 కోరిక. అమ్మతో కూర్చుని ఆ పుస్తకం తిరగేస్తే ఈ ఏడాది ఎవరికి ఎంత ఇవ్వాలో తేలిపోతుంది. నేను వేసిన 3,000 మీకు సరిపోతుందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు మూడు ఖాతాలూ నింపుదాం. అవసరాల్లో మీ ఖర్చు 7,000, ఇంటికి 5,000, ఏడాది ఖర్చుల్లో అవసరమైన వంతు 1,800. మొత్తం 13,800. కోరికల్లో సంక్రాంతి వంతు 1,200, మీ సొంత సరదాలకి 2,400. మొత్తం 3,600. మిగిలేది 3,800, అదే పొదుపు. శాతాల్లో 65-17-18. ఇది 50-30-20 కాదు, కానీ మీ పరిస్థితికి ఇదే నిజమైన లెక్క. అవసరాలు 65 అంటే ఒక నెల జీతం ఆలస్యమైనా తట్టుకునే జాగా తక్కువ అని అర్థం. అందుకే పొదుపులో మొదటి పని కొంచెం డబ్బు చేతికింద ఉంచుకోవడం. ఆర్డీలూ ఫండ్లూ ఆ తరవాతే.

ఆ 3,800ని ఏం చెయ్యాలన్నదే మీకు అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. తోటివాళ్లలాగా ఆర్డీ కట్టొచ్చు. నాన్నగారి అప్పు తీర్చొచ్చు. లేదా చీటీ.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు ఆర్డీ మీద మీకొచ్చేది దాదాపు అందులో నాలుగో వంతు. ఇంట్లో 60,000 అప్పు మీద ఏటా 14,400 పోతుంటే, బ్యాంకులో కూడబెట్టినా ఆ ఇంటికి నష్టమే. ఆ అప్పు అసలు తీర్చడమే ఇప్పుడు మీకు దొరికే మంచి పొదుపు. మరి మొదటి నెల నుంచే మొత్తం అందులో పోసెయ్యొచ్చు కదా అంటే, ఆ దారిలో ఒక చిక్కుంది. నవంబరులో తుఫాను వచ్చి చేలు పడిపోయినా, మీకు జ్వరమొచ్చి జీతం కోత పడినా, మళ్లీ ఆ అప్పిచ్చిన పెద్దమనిషి గుమ్మమే ఎక్కాలి, లేదా పే లేటర్. తీర్చిన అప్పు తిరిగి అప్పుగానే వస్తుంది.

అందుకని నా ఓటు ఈ వరసకి. సెప్టెంబరు 3,800లోంచి 3,200 పే లేటర్‌కి కట్టి, ఆ యాప్‌లో ఆ సౌకర్యాన్నే మూసేయండి. 600 మిగులుతుంది. అక్టోబరు, నవంబరు మొత్తాలు కూడా కలిపితే 8,200. మీ ఒక్కరి నెల ఖర్చు 7,000 కాబట్టి ఒక నెల పైన గడిచే డబ్బు చేతిలో ఉన్నట్టే. డిసెంబరు నుంచి నెలకి 3,000 అప్పు అసలుకి, 800 ఆ నిల్వకి. పది నెలలు ఇలా సాగితే అసలు 30,000కి దిగుతుంది, వడ్డీ 1,200 నుంచి 600 అవుతుంది. ఆ మిగిలిన 600 ఇంటికి ఇంకో దారిన అక్కరకొస్తుంది. సార్వా బాగా పండి నాన్నగారు కూడా ఒక చెయ్యి వేస్తే ఇంకా త్వరగా తేలిపోతుంది.

డబ్బు ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. ప్రాంసరీ నోటు అప్పిచ్చినాయన దగ్గరే ఉంటుంది. అసలులో కొంత కట్టినప్పుడల్లా ఆ నోటు వెనక చెల్లు వేయించాలి. తారీఖు, మొత్తం, అసలుకి జమ అని మాట. ఫోటో తీసుకుని మీ దగ్గరుంచుకోండి. నోటి మాట మీద ఇస్తే అది వడ్డీ కింద పోయిందంటారు. కొందరు మూడు వేలూ నాలుగు వేలూ అసలుకి పుచ్చుకోరు, ఒకేసారి ఇవ్వమంటారు. అలాగైతే మూడు నెలలవి కలిపి 9,000 ఇవ్వండి. అప్పటిదాకా ఆ డబ్బు వేరే ఖాతాలో ఉండాలి, జీతం ఖాతాలో కాదు.

అప్పుని మార్చే దారి కూడా చూడండి. అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడి రుణం వడ్డీ దీనికన్నా చాలా తక్కువ పడుతుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తీసుకోవచ్చు. ఏడాదికి 10 శాతం అనుకున్నా నూటికి 85 పైసలు దాటదు, 60,000 మీద నెలకి 500. మీకు 700 మిగులుతుంది. అయితే గడువులోగా కట్టకపోతే బంగారం వేలానికి వెళ్తుంది, అమ్మకి మెళ్లో గొలుసు పోయిన బాధ వేరు. అది ఆవిడ నిర్ణయంగానే ఉండనివ్వండి. నాన్నగారికి కౌలు రైతుగా సాగుదారు హక్కు కార్డు ఉంటే పంట రుణానికి అడగొచ్చు, సకాలంలో కడితే వడ్డీ 4 శాతానికి దిగుతుంది. 2019 నాటి చట్టం ప్రకారం ఆ కార్డుకి భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. చాలామంది పెట్టరు. అడిగి చూడటంలో పోయేదేమీ లేదు.

చీటీ విషయం క్లుప్తంగా చెబుతాను. చీటీ నడపాలంటే 1982 నాటి చట్టం ప్రకారం రిజిస్టరు చెయ్యాలి. పక్కింట్లో నడిచేది అలా ఉండటం అరుదు. రేపు ఎవరైనా చేతులెత్తేస్తే మీ చేతిలో ఒక నోటుబుక్కు తప్ప ఏమీ ఉండదు. పైగా 3,800లో 2,000 దానికి పోతే అప్పు తీరడం సగానికి సగం మందగిస్తుంది. అమ్మకి ఎదురు చెప్పడం కష్టమనుకుంటే, 'చీటీ డబ్బే నోటు మీద చెల్లు వేయిస్తున్నానమ్మా' అని చెప్పండి. ఆవిడకీ కావాల్సింది ఆ అప్పు పోవడమే.

ఆచరణకి వస్తే, ఇంకో బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఒక ఖాతా తెరిచి, దానికి ఫోన్‌లో యూపీఐ కలపకండి. ఏడాది ఖర్చుల 3,000, పొదుపు 3,800 జీతం పడిన రోజే అందులోకి వెళ్లాలి. ఏది ఎంతో ఒక కాగితం మీద రాసుకుంటే చాలు, రెండు ఖాతాలు అక్కర్లేదు. అమ్మకి 5,000, హాస్టల్‌కి 5,500 కూడా ఆ రోజే. సరదాల 2,400ని వారానికి 550 చొప్పున ఆదివారం నాడు యూపీఐ లైట్‌లో వేసుకోండి. ఆటోమేటిక్‌గా నిండే ఏర్పాటు ఆపేయండి. అది ఖాళీ అయితే ఆ వారం బిర్యానీ లేనట్టే. మిగిలే 200 నెలాఖరు రోజులకి.

మూడు నెలలు నడిచాక ఇది పనిచేస్తోందో లేదో మీకే తెలుస్తుంది. సరదాల డబ్బు అటూ ఇటూ అయినా కంగారు పడకండి. రెండు గుర్తులు మాత్రం చూడండి. ఫీజు కోసం పెట్టిన డబ్బు జూన్ రాకముందే కదిలితే, ఏడాది ఖర్చుల్లో ఏదో ఒకటి రాయడం మర్చిపోయారని అర్థం, దాన్ని కాగితం మీదికి ఎక్కించి మళ్లీ భాగించండి. ఇంటికి వరసగా మూడు నెలలు 5,000 దాటి వెళ్తే, అమ్మ అబద్ధం చెప్పడం లేదు, నా అంకె తప్పు. అప్పుడు 5,800 ఇచ్చి అప్పు అసలుకి వెళ్లే 3,000ని 2,200 చెయ్యండి. తీరడానికి ఎక్కువ నెలలు పడుతుంది, అంతే. సరదాల్లోంచి మాత్రం మొత్తం కోయకండి, 23 ఏళ్లకి అలా కోసుకున్న బడ్జెట్టు నాలుగో నెల నిలవదు. డిసెంబరు ఒకటో తారీఖు నాటికి మీ దగ్గర 8,200 ఉందో లేదో రాయండి. లేకపోతే ఏ వారం ఆగిందో కూడా రాయండి, అక్కడి నుంచి చూద్దాం.